అద్దెలో పన్ను కోత: ఏడాదికి ఒక్కసారి కిరాయిదారు చేయాల్సిన పని

నెలకు 50,000 రూపాయలు దాటిన అద్దె చెల్లించే వ్యక్తి, ఆ అద్దెలో కొంత భాగాన్ని ఆదాయపు పన్ను కింద మినహాయించి, ఇంటి యజమాని పేరున ప్రభుత్వానికి జమ చేయాలి. ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 194-ఐబీ సెక్షన్ ఈ బాధ్యతను అద్దెకుండేవారిపై పెట్టింది. 2017 ఫైనాన్స్ చట్టం ద్వారా చేరిన ఈ సెక్షన్ ఆ ఏడాది జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట కోత రేటు 5 శాతం ఉండేది. 2024 అక్టోబర్ 1 నుంచి అది 2 శాతానికి తగ్గింది.

అంతకు ముందు కూడా అద్దెపై టీడీఎస్ ఉంది. అయితే అది కంపెనీలకూ, సంస్థలకూ, పెద్ద వ్యాపారమో వృత్తో ఉన్న వ్యక్తులకూ పరిమితం. ఆ నిబంధన 194-ఐ సెక్షన్‌లో ఇప్పటికీ ఉంది. కిందటి ఏడాది వ్యాపార టర్నోవర్ కోటి రూపాయలు, లేదా వృత్తి రాబడి 50 లక్షలు దాటిన వ్యక్తి ఆ పాత సెక్షన్ కిందికే వస్తాడు. అతనికి భవనాల అద్దెపై రేటు 10 శాతం, టాన్ నంబరు తప్పనిసరి, నెలనెలా జమ చేయాలి, మూడు నెలలకోసారి రిటర్ను వేయాలి. జీతగాళ్లు, రిటైరైనవాళ్లు, చిన్న వ్యాపారులు ఈ వలయానికి బయట ఉండేవారు. మహానగరాల్లో లక్షల్లో అద్దె తీసుకుంటూ లెక్కల్లో చూపని యజమానుల ఆదాయం కూడా అలాగే బయట ఉండిపోయేది. దాన్ని పట్టుకోవడానికే 194-ఐబీ వచ్చింది. వసూలయ్యే 2 శాతం కంటే, ఫలానా పాన్ ఉన్న వ్యక్తికి ఫలానా ఇంటి మీద ఇంత అద్దె వచ్చిందన్న సమాచారమే ఆదాయపు పన్ను శాఖకు ఎక్కువ విలువైనది.

చెల్లించేవారి వైపు ఈ బాధ్యతకు ఆదాయంతో సంబంధం లేదు. అద్దెకున్న వ్యక్తికి పన్ను పడేంత ఆదాయం లేకపోయినా, జీతం మీద హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరకపోయినా, హెచ్‌ఆర్‌ఏ ప్రసక్తే లేని కొత్త పన్ను విధానంలో ఉన్నా కోత కోయాల్సిందే. హెచ్‌ఆర్‌ఏ తీసుకోవడం లేదు కాబట్టి ఈ గొడవ తనకు లేదనుకోవడం చాలామంది ఉద్యోగులు చేసే పొరపాటు. హెచ్‌ఆర్‌ఏ తీసుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. ఏడాదికి లక్ష రూపాయలు దాటిన అద్దె చూపితే యజమాని పాన్‌ను కంపెనీకి ఇవ్వక తప్పదు. నెలకు 60,000 అద్దె కడుతున్నానని ఆఫీసులో రాసిచ్చి, దానిపై టీడీఎస్ కట్టకపోతే, ఆ తేడాను చూపే కాగితం తనే రాసిచ్చినట్టవుతుంది.

యాభై వేలు ఎలా లెక్కపెట్టాలి

పరిమితి నెలవారీది. అద్దె సరిగ్గా 50,000 అయితే కోత లేదు. ఒక్క రూపాయి దాటినా ఉంది. దాటినప్పుడు కోత పడేది పైనున్న ఆ రూపాయి మీద కాదు, మొత్తం అద్దె మీద. ఏడాది మధ్యలో అద్దె పెరిగితే పరిమితి దాటిన నెలల అద్దెనే లెక్కలోకి తీసుకోవాలి. ఆగస్టు దాకా 48,000, సెప్టెంబర్ నుంచి 52,000 చెల్లించినవారికి సెప్టెంబర్ మొదలు మార్చి వరకు ఏడు నెలల అద్దె, అంటే 3,64,000 రూపాయల మీద 2 శాతం, 7,280 రూపాయలు పడుతుంది.

అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. అగ్రిమెంటులో దాన్ని విడిగా చూపి, కిరాయిదారు నేరుగా అసోసియేషన్‌కు కడుతుంటే అది యజమానికి ఇచ్చిన అద్దె కాదు. అన్నీ కలిపి ఒకే మొత్తంగా యజమాని చేతికే వెళ్తుంటే ఆ మొత్తమంతా అద్దె కిందే నిలుస్తుంది. ఖాళీ చేసేటప్పుడు తిరిగి వచ్చే అడ్వాన్స్ అద్దె కాదు. అద్దెలో సర్దుకున్న రోజున మాత్రం అద్దెగా మారుతుంది. పరిమితి తప్పించుకోవడానికి 60,000 అద్దెను 45,000 ఇంటి అద్దె, 15,000 ఫర్నిచర్ అద్దె అని రెండు కాగితాలుగా విడగొట్టే తెలివి కొందరిది. ఇంట్లో చెప్పుకోదగ్గ ఫర్నిచర్ లేకపోతే ఆ విభజన నిలబడదు. పైగా ఈ తిప్పలన్నీ యజమాని రిటర్నులో తిరిగి లెక్కకు వచ్చే 2 శాతం కోసం.

ఇంటికి ఇద్దరు యజమానులుంటే ఎవరి వాటా వారిది. భార్యాభర్తలిద్దరి పేరా చెరి సగంగా ఉన్న ఇంటికి 80,000 అద్దె, అదీ ఇద్దరి ఖాతాలకూ చెరి సగం వెళ్తుంటే ఒక్కొక్కరికి అందేది 40,000 మాత్రమే కాబట్టి కోత రాదు. అదే అద్దె 1,20,000 అయితే ఇద్దరి పేరునా వేర్వేరుగా కోసి వేర్వేరు ఫారాలు వేయాలి. అద్దెకుండేవారు ఇద్దరైతే కూడా ఇదే తర్కం. 70,000 అద్దె ఉన్న ఫ్లాటును ఇద్దరు మిత్రులు తమ ఇద్దరి పేరున అగ్రిమెంటు రాయించుకుని, ఎవరి ఖాతా నుంచి వారు 35,000 చొప్పున కడుతుంటే పరిమితి దాటనట్టే. అగ్రిమెంటు ఒకరి పేరునే ఉండి, అతనే మొత్తం కట్టి స్నేహితుడి దగ్గర సగం తీసుకుంటే బాధ్యత అతనిదే.

తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ వారికి అద్దె ఇచ్చేవారికి కూడా మినహాయింపు లేదు. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ విషయంలో పెద్దవాళ్లు ఫారం 15H ఇచ్చి కోత ఆపించుకున్నట్టు ఇక్కడ కుదరదు. ఆ ఫారం 194-ఐబీకి వర్తించదు. పన్ను పడనంత ఆదాయమున్న యజమానైనా ముందు కోత అంగీకరించి, తర్వాత రిటర్ను వేసి రిఫండ్ తీసుకోవాలి.

కోత ఎప్పుడు

ఈ సెక్షన్‌లో ప్రత్యేకత ఇక్కడే ఉంది. నెలనెలా కోయాల్సిన అవసరం లేదు. ఆర్థిక సంవత్సరంలో చివరి నెల అద్దె ఇచ్చేటప్పుడు, లేదా ఏడాది మధ్యలో ఇల్లు ఖాళీ చేస్తే ఆ చివరి నెల అద్దె ఇచ్చేటప్పుడు, అప్పటివరకు ఆ ఏడాది చెల్లించిన అద్దె మొత్తానికి ఒక్కసారే కోస్తే చాలు. టాన్ నంబరు కూడా అక్కర్లేదు. మామూలు మనిషికి పని తేలిక చేయాలన్నది ఉద్దేశం. ఆ తేలికే మరచిపోవడానికి కూడా దారి తీస్తుంది. పదకొండు నెలలు ఎవరికీ గుర్తు రాని పని పన్నెండో నెలలో ఒక్కసారి గుర్తు రావాలి మరి. కొందరు జాగ్రత్త కోసం నెలనెలా కోస్తారు. తప్పేమీ లేదు గానీ, కోసిన ప్రతిసారీ విడిగా ఫారం వేయాల్సి వస్తుంది. ఏడాదికి ఒకటి కాస్తా పన్నెండవుతాయి.

మన దగ్గర అద్దె అగ్రిమెంట్లు ఎక్కువగా పదకొండు నెలలకే రాసుకుంటారు. ఆ గడువు ముగిసి, అదే ఇంట్లో కొనసాగుతూ కొత్త కాగితం రాసుకుంటే ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు. అద్దె నడుస్తూనే ఉంది కాబట్టి కోత మార్చిలోనే.

ఒక ఉదాహరణ తీసుకుంటే లెక్క తేటపడుతుంది. కొండాపూర్‌లో ఒక ఫ్లాటు. అద్దె నెలకు 62,000, ప్రతి నెలా 5వ తేదీలోపు ఆ నెల అద్దె చెల్లించాలి. ఉండేది ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కుటుంబం; యజమాని గుంటూరులో ఉంటున్న విశ్రాంత ఉద్యోగి. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు అద్దె మొత్తం 7,44,000. అందులో 2 శాతం 14,880. 2026 మార్చి 5న యజమాని ఖాతాకు వెళ్లాల్సింది 62,000 కాదు, 47,120. మిగిలిన 14,880 ప్రభుత్వానికి వెళ్తుంది. కోత కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోపు, అంటే ఏప్రిల్ 30 నాటికి, దాన్ని జమ చేయాలి.

యజమానికి ఫిబ్రవరిలోనే ఈ మాట చెప్పి ఉంచడం మంచిది. పన్నెండు నెలల కోత ఒక్క నెల అద్దెలో పడటంతో ఆ నెల పావువంతు అద్దె తగ్గి వస్తుంది. ముందు తెలియకపోతే గొడవే. కొందరు యజమానులు "మీ పన్ను సంగతి మీరు చూసుకోండి, నా అద్దె నాకు పూర్తిగా పంపండి" అంటారు. అది వారి పన్ను, కిరాయిదారుది కాదు. యజమాని ఏడాది రిటర్ను వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో ఈ 14,880 ముందే కట్టినట్టు తగ్గుతుంది. మొహమాటానికి పోయి కిరాయిదారు తన జేబులోంచి కడితే అద్దె ఆ మేరకు పెరిగినట్టే తప్ప ఇంకేమీ కాదు. అసలు కొత్త అగ్రిమెంటు రాసుకునేటప్పుడే టీడీఎస్ గురించి ఒక వాక్యం చేరిస్తే ఈ వాదన పుట్టదు.

ఇప్పుడు అదే కుటుంబం నవంబర్ ఆఖరుకు ఇల్లు ఖాళీ చేసిందనుకుంటే లెక్క మారుతుంది. ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు ఎనిమిది నెలల అద్దె 4,96,000, కోత 9,920, గడువు డిసెంబర్ 30. డిసెంబర్ నుంచి 70,000 అద్దె ఉన్న మరో ఇంటికి మారితే, ఆ నాలుగు నెలల 2,80,000 మీద 5,600 రూపాయలను మార్చి అద్దెలో కోయాలి. యజమాని మారాడు కాబట్టి రెండో ఫారం వేయాలి.

ఖాళీ చేసే సందర్భంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చివరి రెండు నెలల అద్దెను అడ్వాన్స్‌లో పట్టుకోమని చెప్పి వెళ్లిపోవడం అలవాటు. యజమాని దగ్గర 1,24,000 అడ్వాన్స్ ఉంటే అక్టోబర్, నవంబర్ అద్దెలకు అది సరిగ్గా సరిపోతుంది. డబ్బు చేతులు మారదు, కాబట్టి కోత సంగతి ఎవరికీ తట్టదు. కానీ సర్దుబాటు కూడా చెల్లింపే. ఆ రెండు నెలలకు యజమానికి నికరంగా చేరాల్సింది 1,14,080 మాత్రమే కాబట్టి, మిగిలిన 9,920ని అడ్వాన్స్ నుంచి వెనక్కి తీసుకుని ప్రభుత్వానికి కట్టాలి. తాళాలు అప్పగించాక ఆ డబ్బు అడిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ లెక్క ఇల్లు ఖాళీ చేయకముందే తేల్చుకోవాలి.

జమ, వివరాల నమోదు

డబ్బు కట్టడం, వివరాలు ఇవ్వడం రెండూ ఒకే ఫారంలో జరుగుతాయి. దాని పేరు 26QC. చలానా, స్టేట్‌మెంటు కలిసిన ఫారం అది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్ incometax.gov.inలో కిరాయిదారు తన పాన్‌తో లాగిన్ అయి, e-File మెనూలో e-Pay Tax, ఆపై New Payment ఎంచుకుంటే రకరకాల చెల్లింపుల గడులు కనిపిస్తాయి. వాటిలో 26QC అని, అద్దెపై టీడీఎస్ అని ఉన్న గడిని తెరవాలి. పక్కనే ఉండే 26QB ఇల్లు కొన్నప్పుడు వేసే ఫారం. తొందరలో దాన్ని తెరిచి నింపేసేవాళ్లూ ఉన్నారు.

ఫారంలో కిరాయిదారు వివరాలు చాలావరకు ముందే నిండి ఉంటాయి. యజమాని పాన్, చిరునామా, అద్దె ఇంటి చిరునామా, అది భూమా భవనమా, ఎన్ని నెలలు అద్దెకున్నదీ, ఏడాదికి మొత్తం అద్దె ఎంత, చివరి నెల అద్దె ఎంత, కోత కోసిన తేదీ అడుగుతుంది. పై ఉదాహరణలో నెలలు 12, మొత్తం 7,44,000, చివరి నెల అద్దె 62,000, తేదీ 2026 మార్చి 5. మొత్తం అద్దె గడిలో చివరి నెల అద్దె ఒక్కటే వేసి, 1,240 రూపాయలు కట్టి పని అయిపోయిందనుకోవడం తరచూ కనిపించే తప్పు. కోత ఒక్కసారే అయినా లెక్క ఏడాదికన్న సంగతి అక్కడ మరుగున పడుతుంది.

చెల్లింపు నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు వంటి మార్గాల్లో చేయవచ్చు. అయ్యాక వచ్చే రసీదును భద్రపరచాలి. అందులోని చలానా వివరాలు తర్వాత పనికొస్తాయి. కొద్ది రోజులకు ట్రేసెస్ అనే టీడీఎస్ వెబ్‌సైట్‌లో ఫారం 16C సిద్ధమవుతుంది. అందులో పాన్‌తో టాక్స్‌పేయర్‌గా నమోదు చేసుకుని, 16Cను డౌన్‌లోడ్ చేసి యజమానికి ఇవ్వాలి. 26QC గడువు తర్వాత 15 రోజులు దీనికి సమయం. మార్చిలో కోసినవారికి అది మే 15. ఈ సర్టిఫికెట్‌ను స్వయంగా టైపు చేసి ఇస్తే చెల్లదు, ట్రేసెస్ నుంచి దిగినదే కావాలి.

పని సక్రమంగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి నమ్మకమైన గుర్తు యజమాని ఫారం 26ASలో ఉంటుంది. కట్టిన మొత్తం, కిరాయిదారు పేరు అందులో కనిపించాలి. 16C వచ్చినా కూడా ఒకసారి యజమానిని అది చూసుకోమనడం మంచిది. కనిపించకపోతే చాలాసార్లు కారణం పాన్‌లో ఒక అక్షరం తారుమారు కావడమే. అప్పుడు ఆ 14,880 ఇంకెవరి ఖాతాలోనో పడి ఉంటుంది. 26QCలోని తప్పులను ట్రేసెస్‌లోనే కరెక్షన్ అభ్యర్థన పెట్టి సరిదిద్దవచ్చు. చిన్న మార్పులు తేలిగ్గా అవుతాయి. యజమాని పాన్ వంటివి మార్చాలంటే అవతలివారి ఆమోదమో, అధికారి ఆమోదమో కావాల్సి వచ్చి నెలలు పట్టవచ్చు. అందుకే యజమాని పాన్‌ను ఫోనులో విని రాసుకోకుండా కార్డు నకలు తీసుకోవడం మేలు.

యజమాని తన రిటర్నులో అద్దె ఆదాయంగా చూపాల్సింది చేతికందిన 7,29,120 కాదు, పూర్తి 7,44,000. ఇంటి ఆదాయంపై అతనికి వచ్చే 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ అతని రిటర్నులో లెక్కకు వస్తుంది తప్ప, కిరాయిదారు కోసే మొత్తాన్ని తగ్గించదు.

పాన్ లేకపోతే, ఆలస్యమైతే

యజమాని పాన్ ఇవ్వకపోతే, లేదా ఆధార్‌తో జోడించని కారణంగా అది పనిచేయని పాన్‌గా ఉంటే, కోత రేటు 2 నుంచి 20 శాతానికి ఎగబాకుతుంది. కొండాపూర్ ఉదాహరణలో అది 1,48,800 రూపాయలు. చివరి నెల అద్దె 62,000లో అంత ఎలా కోస్తారు? చట్టం ఈ ప్రశ్నను ముందే ఊహించింది. కోత ఎట్టి పరిస్థితుల్లోనూ చివరి నెల అద్దెను మించకూడదని చెప్పింది. అంటే ఆ నెల యజమానికి ఒక్క రూపాయి కూడా అందదు, 62,000 మొత్తం ప్రభుత్వానికే పోతుంది. ఈ లెక్క ఒకసారి వినిపిస్తే పాన్ ఇవ్వడానికి వెనకాడే యజమానులు తక్కువ.

ఆలస్యానికి రెండు రకాల భారం ఉంటుంది. ఒకటి వడ్డీ. కోయాల్సిన రోజున కోయకపోతే, కోసే వరకు నెలకు 1 శాతం. కోసి కూడా కట్టకుండా దగ్గర పెట్టుకుంటే నెలకు 1.5 శాతం. నెలలో ఒక్క రోజు నడిచినా పూర్తి నెల కిందే లెక్క. రెండోది లేటు ఫీజు: 26QC గడువు దాటిన ప్రతి రోజుకు 200 రూపాయలు. కట్టాల్సిన పన్ను మొత్తాన్ని మాత్రం అది మించదు.

మార్చి 5న కోసిన 14,880ని ఏప్రిల్ 30 లోపు కట్టకుండా జూన్ 12న కట్టారనుకుంటే, లేటు ఫీజు మే నెల 31 రోజులు, జూన్‌లో 12 రోజులు కలిపి 43 రోజులకు 8,600 రూపాయలు. వడ్డీ నాలుగు నెలలకు 6 శాతం, సుమారు 893 రూపాయలు. అసలు పన్నులో మూడింట రెండు వంతుల దాకా అదనంగా పోతుంది. 75 రోజుల ఆలస్యానికి లేటు ఫీజు పన్నుతో సమానమై అక్కడ ఆగుతుంది. నిజంగా నొప్పి పుట్టించేది వడ్డీ కాదు, ఈ ఫీజే. పైగా ఇది యజమాని డబ్బులోంచి రాదు, పూర్తిగా కిరాయిదారు సొంతం. గుర్తొచ్చిన రోజునే కట్టేయడం తప్ప దీనికి తరుణోపాయం లేదు. ఇవిగాక కోయనందుకు పన్నుతో సమానమైన మొత్తం దాకా, స్టేట్‌మెంటు వేయనందుకు 10,000 నుంచి లక్ష దాకా జరిమానా వేసే అధికారం శాఖకు ఉంది.

కోత మరచిపోయినా, యజమాని ఆ అద్దెను తన రిటర్నులో చూపి పన్ను కట్టేసి ఉంటే, అసలు పన్నును మళ్లీ కిరాయిదారు దగ్గర వసూలు చేయరు. దానికి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి. అప్పుడు కూడా యజమాని రిటర్ను వేసిన తేదీ వరకు వడ్డీ మాత్రం తప్పదు.

యజమాని విదేశంలో ఉంటే

ఇప్పటివరకు చెప్పిందంతా భారత్‌లో నివాసి అయిన యజమానికే వర్తిస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో అద్దెకిచ్చిన ఫ్లాట్లలో చాలావాటి యజమానులు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. అలాంటి ఇంటికి 194-ఐబీ పనికిరాదు. 195 సెక్షన్ వర్తిస్తుంది. దీనికి 50,000 పరిమితి లేదు, 2 శాతం రేటు లేదు, ఏడాదికి ఒక్కసారి అన్న వెసులుబాటూ లేదు.

రేటు 30 శాతం, దానిపై 4 శాతం సెస్సుతో 31.2 శాతం. కూకట్‌పల్లిలో 30,000 అద్దె ఉన్న ఫ్లాటు యజమాని డాలస్‌లో స్థిరపడి ఉంటే, ప్రతి నెలా 9,360 కోసి 20,640 మాత్రమే అతనికి ఇవ్వాలి. కోసిన దాన్ని తర్వాతి నెల 7వ తేదీలోపు జమ చేయాలి. మార్చి కోతకు ఏప్రిల్ 30 దాకా గడువు. దీనికి కిరాయిదారు ముందుగా టాన్ నంబరు తీసుకోవాలి. మూడు నెలలకోసారి 27Q రిటర్ను వేయాలి, యజమానికి 16A సర్టిఫికెట్ ఇవ్వాలి. డబ్బు విదేశానికి పంపేటప్పుడు 15CA కూడా నింపాలి. ముప్పై వేల అద్దె కట్టే మనిషి మీద ఇంత కాగితాల బరువు వేయడం న్యాయమా అన్నది వేరే చర్చ. చట్టం మాత్రం అలాగే ఉంది. ఆదాయం మీద నిజంగా పడే పన్ను ఇంతకంటే బాగా తక్కువైతే, యజమాని ఫారం 13 ద్వారా దరఖాస్తు చేసి తక్కువ రేటు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అది చేతికి వచ్చాకే కిరాయిదారు రేటు తగ్గించాలి.

ఈ సంగతి చాలామందికి తెలియకపోవడానికి కారణం, అద్దె తీసుకునేది ఇక్కడి మనిషే కావడం. అన్న డాలస్‌లో ఉంటాడు, పవర్ ఆఫ్ అటార్నీ మీద తమ్ముడు ఇల్లు అద్దెకిస్తాడు, అద్దె అతనే తీసుకుంటాడు. లెక్కకు వచ్చేది చేయి చాచినవారు కాదు, ఇల్లు ఎవరి పేరున ఉందో వారి నివాస స్థితి. పౌరసత్వంతో కూడా నిమిత్తం లేదు. భారత పాస్‌పోర్టుతో ఏడాదంతా విదేశంలో ఉద్యోగం చేస్తున్నవారు నాన్ రెసిడెంటే. అమెరికా పౌరసత్వం తీసుకుని తిరిగొచ్చి ఏడాదంతా హైదరాబాద్‌లోనే ఉంటున్నవారు రెసిడెంట్. అద్దె వేయమన్న ఖాతా ఎన్‌ఆర్‌ఓ ఖాతా అయితే అనుమానించాల్సిందే. ఇలాంటి ఇంటికి 26QC వేసి 2 శాతం కట్టడం వల్ల బాధ్యత తీరదు, మిగతా 29.2 శాతాన్ని శాఖ కిరాయిదారు దగ్గరే అడుగుతుంది. అగ్రిమెంటులో యజమాని తాను రెసిడెంటో కాదో రాసి సంతకం చేయడం దీనికి తేలికైన జాగ్రత్త.

పైన వాడిన సెక్షన్ల నంబర్లు 1961 చట్టానివి. 2026 మార్చి 31 వరకు కోసిన మొత్తాలకు అవే వర్తిస్తాయి. ఆ మరుసటి రోజు నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం, 2025లో టీడీఎస్ నిబంధనల్లో ఎక్కువ భాగాన్ని 393వ సెక్షన్ కిందికి చేర్చారు. అద్దెపై కోత కూడా అందులోనే పట్టిక రూపంలో ఉంటుంది. 2026 ఏప్రిల్ తర్వాత ఇల్లు ఖాళీ చేసేవారు, 2027 మార్చిలో ఏడాది కోత కోసేవారు ఫారం నింపే ముందు వెబ్‌సైట్‌లో ఆ రోజుకు అమల్లో ఉన్న ఫారం నంబరును సరిచూసుకోవాలి.